మీడియా మిక్స్ మోడలింగ్: జాడ దొరకని అమ్మకాల మధ్య ప్రకటన ఖర్చు పంపకం

మీడియా మిక్స్ మోడలింగ్ అంటే ఒక బ్రాండు వారం వారం అమ్మకాలను, అవే వారాల్లో టీవీ, పత్రికలు, సోషల్ మీడియా, సెర్చ్ వంటి మాధ్యమాల మీద పెట్టిన ఖర్చును పక్కపక్కన పెట్టి, ఏ మాధ్యమం వల్ల ఎంత అమ్మకం అదనంగా వచ్చిందో గణాంక పద్ధతిలో అంచనా కట్టడం. ఫలానా మనిషి ఫలానా ప్రకటన చూశాడా, చూసి కొన్నాడా అన్న ప్రశ్న ఇందులో ఉండదు. లెక్కకు కావలసినవి మొత్తాలు మాత్రమే: ఈ వారం ఎంత ఖర్చయింది, ఎంత సరుకు అమ్ముడైంది, ధర ఎంత, పండగ ఉందా లేదా. అందుకే ఫోన్లు, బ్రౌజర్లు కొనుగోలుదారుల జాడ ఇవ్వడం మానేశాక బ్రాండ్లు మళ్లీ ఈ పద్ధతి వైపు తిరిగాయి.

పద్ధతి పాతదే. డచ్ ఆర్థికవేత్త కోయిక్ 1954లో, ఒక ఖర్చు ప్రభావం ఆ కాలంతోనే ఆగిపోకుండా తరువాతి కాలాలకు తగ్గుతూ పాకే తీరును సమీకరణంలో పెట్టాడు. ఆయన రాసింది పెట్టుబడుల గురించి. ప్రకటనల రంగం దాన్ని తనకు అన్వయించుకుంది. బ్రిటన్‌కు చెందిన ప్రకటనల పరిశోధకుడు సైమన్ బ్రాడ్‌బెంట్ 1979లో ఈ మిగులు ప్రభావానికి 'ఆడ్‌స్టాక్' అని పేరు పెట్టాడు. సూపర్‌మార్కెట్లలో బార్‌కోడ్ వచ్చాక వారం వారం అమ్మకాల లెక్క చేతికి అందింది. దానితో సబ్బులు, బిస్కెట్లు, శీతల పానీయాలు అమ్మే పెద్ద కంపెనీలు ఈ నమూనాలను విరివిగా వాడాయి. ఆ తరువాత ఇంటర్నెట్ ప్రకటనలు ప్రతి క్లిక్కునూ కొనుగోలుతో ముడిపెట్టి చూపించడంతో ఈ విద్య కొంతకాలం వెనక్కి పోయింది.

దాన్ని మళ్లీ ముందుకు తెచ్చింది నియంత్రణలు. 2018 మేలో ఐరోపా సమాఖ్య వ్యక్తిగత సమాచార నిబంధనలు అమల్లోకి వచ్చాయి. 2020లో ఆపిల్ సఫారీ బ్రౌజర్ ఇతర సైట్ల కుకీలను పూర్తిగా అడ్డుకుంది. 2021 ఏప్రిల్‌లో ఐఫోన్ ఐఓఎస్ 14.5 సాఫ్ట్‌వేర్‌తో, వినియోగదారుని అనుమతి లేనిదే యాప్‌లు అతని జాడను ఇతర యాప్‌లలో, సైట్లలో వెంటాడకూడదన్న నియమం పెట్టింది. మన దేశంలో డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది. అయితే తెలుగు రాష్ట్రాల్లో సరుకు అమ్మే బ్రాండుకు వీటన్నిటికన్నా పెద్ద గుడ్డి మచ్చ ముందు నుంచీ ఉంది. అమ్మకంలో అధిక భాగం కిరాణా కొట్లలో, సూపర్‌మార్కెట్లలో, సొంత దుకాణాల కౌంటర్ల మీద జరుగుతుంది. అక్కడ డబ్బు చెల్లించిన మనిషి ముందు రోజు ఏ ప్రకటన చూశాడో ఏ కుకీ కూడా ఏనాడూ చెప్పలేదు.

ఒక ఊహా ఉదాహరణ

విషయం స్పష్టం కావడానికి ఒక బ్రాండును ఊహించుకుందాం. అరిసెలు, సకినాలు, కాజాలు, మిఠాయిలు ప్యాకెట్లలో అమ్ముతుంది. రెండు రాష్ట్రాల్లోనూ సరుకు దొరుకుతుంది. వారానికి సగటు అమ్మకం 200 లక్షల రూపాయలు. అందులో 40 లక్షలు సొంత వెబ్‌సైటు, యాప్ ద్వారా వస్తాయి. మిగతాది దుకాణాల్లో, పది నిమిషాల డెలివరీ యాప్‌లలో సాగుతుంది. ప్రకటనలకు వారానికి 16 లక్షలు: తెలుగు టీవీ ఛానళ్లకు 8, సోషల్ మీడియా వీడియోలకు 4, సెర్చ్‌కు 2, పత్రికలకు 2. చేతిలో 2022 నుంచి 2024 వరకు మూడేళ్ల లెక్కలు, అంటే సుమారు 156 వారాల సమాచారం ఉంది. అంకెలన్నీ లెక్క చూపడానికి వేసుకున్నవే.

సోషల్ మీడియా సంస్థ ఇచ్చే నివేదిక రూపాయికి 5 రూపాయల అమ్మకం తెచ్చానంటుంది. సెర్చ్ సంస్థ నివేదిక రూపాయికి 12 అంటుంది. గుణించి చూస్తే సోషల్ వాటా 20 లక్షలు, సెర్చ్ వాటా 24 లక్షలు, మొత్తం 44 లక్షలు. వెబ్‌సైటులో జరిగిన అమ్మకమే 40 లక్షలు! ఒకే కొనుగోలును ఇద్దరూ తమ ఖాతాలో వేసుకున్నారు. ఏ ప్రకటనా లేకున్నా వచ్చి కొనే పాత ఖాతాదారులను కూడా కలిపేసుకున్నారు. టీవీకి మాత్రం ఏ నివేదికా లేదు కాబట్టి దాని పేరిట సున్నా కనిపిస్తుంది. ఇలాంటి పట్టిక చూసి టీవీ ఖర్చును సోషల్‌కు మళ్లించిన బ్రాండ్లు ఉన్నాయి. ఆ నిర్ణయం తప్పో ఒప్పో ఈ పట్టిక నుంచి తేల్చే దారి లేదు.

నమూనా వేసే ప్రశ్న వేరు. వారాల అమ్మకాలు ఎక్కడ పెరిగాయి, ఎక్కడ తగ్గాయి? ఆ హెచ్చుతగ్గుల్లో ఎంత భాగం పండగలది, ధరది, సరుకు దొరికే దుకాణాల సంఖ్యది? అవన్నీ తీసేశాక మిగిలిన కదలికలో ప్రతి మాధ్యమం వాటా ఎంత? సమీకరణంగా రాస్తే ఇలా ఉంటుంది:

```
sales[t] = base + trend[t] + festival[t] + price[t] + stores[t]
         + f(TV) + f(social) + f(search) + f(print) + error[t]
```

ఇందులో `base` అంటే ఈ వారం ఏ ప్రకటనా లేకపోయినా సాగే అమ్మకం. పేరున్న బ్రాండుకు మొత్తంలో పెద్ద భాగం ఇదే. నమూనా ఫలితాల్లో ఇది అనుమానాస్పదంగా చిన్నదై, అమ్మకంలో సగానికి పైగా ప్రకటనల వల్లే వచ్చిందని తేలితే, ప్రకటనలను మెచ్చుకునే ముందు లెక్కలో ఏదో వదిలేశామేమో చూసుకోవాలి.

మిగులు ప్రభావం, సంతృప్తత

ప్రకటన ఖర్చు నేరుగా సమీకరణంలోకి వెళ్లదు. ముందు రెండు మార్పులకు లోనవుతుంది.

మొదటిది ఆడ్‌స్టాక్. వాన వెలిసినా చూరు నీళ్లు కాసేపు కారుతూనే ఉన్నట్టు, టీవీలో ప్రకటన ఆగిన తరువాతి వారాల్లోనూ దాని ప్రభావం కొంత నడుస్తుంది. దీనిని సాధారణంగా ఇలా లెక్కిస్తారు:

```
A[t] = (1 - λ) · x[t] + λ · A[t-1]
```

`x` ఆ వారం ఖర్చు, `λ` తరువాతి వారానికి మిగిలే వంతు. టీవీకి `λ` విలువ 0.6 అనుకుందాం. ఒక వారం 10 లక్షలు ఖర్చుపెట్టి ఆపేస్తే, ఆ ఖర్చులో 4 లక్షల పాటి ఒత్తిడి అదే వారం పనిచేస్తుంది, రెండో వారం 2.4, మూడో వారం 1.44. మూడు వారాలు గడిచేసరికి 10లో సుమారు 7.8 లక్షల పని అయిపోతుంది. సెర్చ్‌కు ఈ విలువ సున్నాకు దగ్గరగా ఉంటుంది. వెతికినవాడు అప్పుడే కొంటాడు, లేదా కొనడు. ఈ మార్పు చేయకుండా ఒకే వారపు ఖర్చును ఒకే వారపు అమ్మకంతో పోల్చితే నష్టపోయేది ఎక్కువగా టీవీయే.

రెండోది సంతృప్తత. మొదటి లక్ష ఖర్చు కొత్తవారిని చేరుతుంది. పదో లక్ష చూసినవారికే మళ్లీ చూపిస్తుంది. కాబట్టి ఖర్చు రెట్టింపయితే అమ్మకం రెట్టింపు కాదు. ఈ వంపును పట్టే సూత్రాల్లో సులువైనది ఇది:

```
f(A) = β · A / (K + A)
```

`β` ఆ మాధ్యమం ఎంత ఖర్చుపెట్టినా దాటలేని గరిష్ఠ వారపు అమ్మకం. `K` అందులో సగానికి చేర్చే ఖర్చు. ఖర్చు ప్రతి వారం ఒకేలా సాగుతుంటే `A` ఆ వారపు ఖర్చుకు సమానమవుతుంది కాబట్టి లెక్క సులువు. మన ఉదాహరణలో నమూనా టీవీకి `β` 60 లక్షలు, `K` 16 లక్షలు అని, సోషల్‌కు `β` 20 లక్షలు, `K` 1 లక్ష అని అంచనా వేసిందనుకుందాం.

టీవీ మీద పెట్టే 8 లక్షలు వారానికి 20 లక్షల అమ్మకం తెస్తున్నాయి. అంటే సగటున రూపాయికి 2.50. సోషల్ మీద పెట్టే 4 లక్షలు 16 లక్షలు తెస్తున్నాయి, సగటున రూపాయికి 4. ఇక్కడే చాలా మంది బోర్లా పడతారు. నాలుగు రెండున్నర కన్నా ఎక్కువ కాబట్టి టీవీ నుంచి రెండు లక్షలు తీసి సోషల్‌లో పెడదామంటారు. పెట్టి చూస్తే టీవీ 6 లక్షలకు దిగి 16.4 లక్షలు తెస్తుంది. సోషల్ 6 లక్షలకు ఎక్కి 17.1 లక్షలు తెస్తుంది. మొదట రెంటికీ కలిపి 36 లక్షలు ఉన్నది ఇప్పుడు 33.5 అయింది. ఖర్చు అంతే, అమ్మకంలో వారానికి రెండున్నర లక్షలు పోయాయి.

కారణం సోషల్ ఇప్పటికే దాదాపు నిండిపోయి ఉండడం. 4 లక్షల దగ్గర అక్కడ చివరి రూపాయి తెచ్చేది 80 పైసల అమ్మకం. 8 లక్షల దగ్గర టీవీలో చివరి రూపాయి తెచ్చేది 1.67. ఖర్చు పంపకానికి చూడాల్సింది ఈ చివరి రూపాయినే, సగటును కాదు. సోషల్ నుంచి లక్ష తీసి టీవీకి ఇస్తే టీవీలో 1.6 లక్షలు పెరుగుతుంది, సోషల్‌లో లక్ష తగ్గుతుంది. నికరంగా వారానికి 60 వేల లాభం. అలాగని రెండు లక్షలు మళ్లిస్తే లాభం 41 వేలకు దిగుతుంది. మంచి పంపకం చుట్టూ నేల ఇలా చదునుగా ఉంటుంది. సాఫ్ట్‌వేరు 9.34 లక్షలు అని దశాంశాలతో సహా చెప్పినంత మాత్రాన 9 పెట్టినవాడు నష్టపోడు. దిశ సరిగ్గా ఉండడమే ముఖ్యం.

ఇంకో మాట. ఇక్కడ లెక్కించింది అమ్మకం, లాభం కాదు. రూపాయి అమ్మకంలో సరుకు ఖర్చు, దుకాణం కమిషన్ పోను 50 పైసలు మిగులుతుందనుకుంటే, టీవీలో చివరి రూపాయి 83 పైసలు, సోషల్‌లో 40 పైసలు వెనక్కి తెస్తున్నాయి. ఉన్న బడ్జెటును ఎలా పంచాలన్న ప్రశ్నకు జవాబు టీవీ. కానీ అసలు బడ్జెటు ఎంత ఉండాలన్న ప్రశ్నకు జవాబు, సోషల్‌లో తగ్గించినది టీవీకి ఇవ్వకుండా మిగుల్చుకోవడమూ కావచ్చు. దీనికీ ఒక పరిమితి ఉంది. ఈ నమూనా కొన్ని వారాల ప్రభావాన్నే చూస్తుంది. పదేళ్లు టీవీలో కనబడి సంపాదించుకున్న పేరు `base`లో కలిసిపోతుంది. ప్రకటనలు పూర్తిగా మానేస్తే రెండేళ్లకు ఆ పేరు ఎంత కరుగుతుందో మూడేళ్ల లెక్కలు చెప్పలేవు.

పండగలే పెద్ద చిక్కు

మిఠాయిల బ్రాండు సంక్రాంతికి ప్రకటనలు మూడింతలు చేస్తుంది. అమ్మకం కూడా మూడింతలవుతుంది. ఇందులో పండగ వాటా ఎంత, ప్రకటన వాటా ఎంత? రెండూ ఎప్పుడూ కలిసే పెరిగితే ఏ గణితమూ వాటిని విడదీయలేదు. 156 వారాలంటే చాలా సమాచారమనిపిస్తుంది కానీ అందులో సంక్రాంతులు మూడే. నాలుగు మాధ్యమాలకు మూడేసి చొప్పున పన్నెండు తెలియని విలువలు, వాటికి తోడు పండగలు, ధర, దుకాణాలు, ధోరణి కలిసి ఇరవై దాటతాయి. 156 వారాలు వాటన్నిటినీ మోయడమే కష్టం.

సంస్థలు బడ్జెటును వేసుకునే తీరే ఈ చిక్కును పెంచుతుంది. అమ్మకం బాగుంటుందని తెలిసిన వారాల్లోనే ఖర్చు పెంచుతారు. అప్పుడు అమ్మకాన్ని ప్రకటన తెచ్చిందా, రాబోయే అమ్మకం ప్రకటనను తెచ్చిందా అన్నది కలగాపులగమవుతుంది. పండగను సమీకరణంలో సరిగ్గా పెట్టకపోతే దాని ఘనతంతా ఆ వారం ఎక్కువ ఖర్చయిన మాధ్యమానికి పోతుంది.

సరిగ్గా పెట్టడం మనకు మరీ కష్టం. విదేశాల్లో తయారైన సాఫ్ట్‌వేర్లు ఏటా ఒకే తేదీల్లో తిరిగి వచ్చే రుతువులను చక్కగా పట్టుకుంటాయి. మన పండగలు చాంద్రమానంలో కదులుతుంటాయి. వరలక్ష్మీవ్రతం 2022లో ఆగస్టు 5న, 2023లో ఆగస్టు 25న, 2024లో ఆగస్టు 16న వచ్చింది. 2023లో అధిక శ్రావణం పడింది. ఆగస్టు సగం దాకా శుభకార్యాలు లేవు, నిజ శ్రావణం ఆ తరువాతే మొదలైంది. ఇది తెలియని నమూనా 2023 ఆగస్టు మొదట్లో అమ్మకం పెరగాలని ఎదురు చూస్తుంది. పెరగకపోతే ఆ వారాల్లో నడిచిన ప్రకటనలను శిక్షిస్తుంది. నెలాఖరులో పెరిగిన అమ్మకాన్ని అప్పుడు నడిచిన ప్రకటనలకు బహుమతిగా ఇస్తుంది. పంచాంగం చూసి ప్రతి పండగకూ విడిగా వరుస తయారు చేసి ఇవ్వడమే దీనికి విరుగుడు.

తేదీ స్థిరంగా ఉండే సంక్రాంతిలోనూ మెలిక ఉంది. 2023లో జనవరి 15 ఆదివారం, 2024లో సోమవారం. సోమవారం నుంచి ఆదివారం వరకు ఒక వారమని లెక్కకడితే, 2023లో కొనుగోళ్లన్నీ పండగ వారంలోనే పడ్డాయి. 2024లో పండగ వారం మొదటి రోజే పండగ కాబట్టి కొనుగోళ్లు ముందు వారానికి జరిగిపోయాయి. పండగ తేదీ పడిన వారానికి గుర్తు పెట్టి ఊరుకుంటే నమూనా 2024లో తలకిందులవుతుంది. గుర్తు పెట్టాల్సింది పండగకు ముందు వారం రోజుల్లో ఎన్ని రోజులు ఏ వారంలో పడ్డాయన్న లెక్కను.

సెర్చ్ ఎవరి ఖాతాలోది?

టీవీలో ప్రకటన చూసిన మనిషి ఫోన్ తీసి బ్రాండు పేరు కొడతాడు. పైన కనబడిన ప్రకటన నొక్కి సైటుకు వచ్చి కొంటాడు. ఆ అమ్మకం సెర్చ్ పేరిట నమోదవుతుంది. సమీకరణంలో టీవీనీ సెర్చ్‌నూ పక్కపక్కన పెడితే నమూనా కూడా ఇదే పొరపాటు చేస్తుంది. ఎందుకంటే సెర్చ్ ఖర్చు బ్రాండు నిర్ణయించినది కాదు, వెతికేవారి సంఖ్య పెరిగితే అదే పెరుగుతుంది. ఫలితాన్ని తీసుకొచ్చి కారణాల వరుసలో కూర్చోబెట్టినట్టవుతుంది.

దీనికి బాగా తెలిసిన ఉదాహరణ ఈబే. ఆర్థికవేత్తలు బ్లేక్, నోస్కో, టడెలిస్ ఆ సంస్థలో జరిపిన ప్రయోగాలను 2015లో ప్రచురించారు. 2012లో కొన్ని సెర్చ్ ఇంజన్లలో ఈబే తన పేరు మీద కొనే ప్రకటనలను ఆపేసింది. పోయిన క్లిక్కుల్లో 99.5 శాతం మామూలు ఫలితాల ద్వారానే తిరిగి వచ్చాయి. ఈబే లాంటి పేరున్న సంస్థకు వచ్చిన ఈ అంకెను చిన్న బ్రాండ్లు యథాతథంగా తీసుకోకూడదు. పోటీదారు మీ పేరు మీద ప్రకటన కొంటుంటే పరిస్థితి మారుతుంది. కానీ బ్రాండు పేరుతో వెతికేవారిని, 'అరిసెలు ఆన్‌లైన్' అని వెతికేవారిని ఒకే గంపలో వేయకూడదన్న పాఠం అందరికీ వర్తిస్తుంది. రెండో రకాన్ని మాధ్యమంగా సమీకరణంలో ఉంచవచ్చు. మొదటి రకాన్ని బయటికి తీసి, టీవీ వల్ల పేరు వెతకడం ఎంత పెరిగిందో విడిగా లెక్కించడం మేలు.

నమ్మవచ్చా? ఎలా తెలుస్తుంది?

ఇలాంటి నమూనాలు పాత అమ్మకాల గీత మీద తమ గీతను అందంగా కూర్చోబెడతాయి. పండగలు, ధోరణి పెట్టేస్తే ఎవరి గీతైనా బాగానే కూర్చుంటుంది. అది మాధ్యమాల వాటాలు సరైనవని చెప్పే సాక్ష్యం కాదు. ఒకే సమాచారం మీద వేర్వేరు `λ`, `K` విలువలతో దాదాపు సమానంగా అతికే నమూనాలు ఎన్నో వస్తాయి. వాటిలో ఒకటి టీవీని పొగుడుతుంది, మరొకటి సోషల్‌ను. ఒకే ఒక్క జవాబు తెచ్చి చేతిలో పెట్టే సంస్థను, మిగతా జవాబులు ఏమయ్యాయని అడగాలి.

అడగాల్సిన పరీక్షల్లో ఒకటి, చివరి పదమూడు వారాలను దాచి, మిగతా వాటితో నమూనా కట్టి, దాచిన వారాలను ఊహించమనడం. మరొకటి, ఏవో కొన్ని వారాలను తీసేసి మళ్లీ కట్టించడం. టీవీ వాటా 20 లక్షల నుంచి 9 లక్షలకు దూకితే ఆ అంకె గాలిలో ఉన్నట్టే. నాకు అన్నిటికన్నా నిజాయితీగా అనిపించే పరీక్ష బేయిసియన్ నమూనాల్లో దొరుకుతుంది. గూగుల్ పరిశోధకులు 2017లో ప్రచురించిన వ్యాసం నుంచి ఈ పద్ధతి బాగా వాడుకలోకి వచ్చింది. గూగుల్ 2025 జనవరిలో అందరికీ విడుదల చేసిన మెరిడియన్ కూడా ఈ తరహాదే. మెటా ఇచ్చే రాబిన్ వేరే రకం రిగ్రెషన్ వాడుతుంది. బేయిసియన్ పద్ధతిలో ప్రతి మాధ్యమం గురించి ముందు ఒక అంచనా ఇస్తాం, సమాచారం దాన్ని సవరిస్తుంది. ముందు అంచనానూ సవరించిన అంచనానూ ఒకదానిపై ఒకటి గీసి చూడండి. రెండూ అచ్చంగా ఒకటే అయితే ఆ మాధ్యమం గురించి సమాచారం ఏమీ చెప్పలేదని, నివేదికలో ఉన్నది మనం మొదట ఇచ్చిన అభిప్రాయమేనని అర్థం. ఎప్పుడూ ఖర్చు మారని మాధ్యమానికి తరచూ ఇదే జరుగుతుంది. మన ఉదాహరణలో పత్రికలకు మూడేళ్లూ వారానికి కచ్చితంగా 2 లక్షలే పెట్టి ఉంటే, పత్రికల ప్రభావం `base`లో ఇమిడిపోయి ఉంటుంది. ఎంత గొప్ప సాఫ్ట్‌వేరైనా దాన్ని బయటికి తీయలేదు.

ఈ ఇరుకు నుంచి బయటపడే దారి ఒక్కటే: ఖర్చును కావాలని మార్చి చూడడం. సోషల్ మీడియా ప్రకటనలను జిల్లాల వారీగా ఆపవచ్చు, నడపవచ్చు. పత్రికలకు జిల్లా ఎడిషన్లు ఉన్నాయి, హోర్డింగులు ఊరి వారీగా దొరుకుతాయి. తెలుగు శాటిలైట్ టీవీకి మాత్రం ఆ వీలు లేదు. అదే ఛానల్ శ్రీకాకుళంలోనూ ఆదిలాబాద్‌లోనూ వస్తుంది. టీవీని కాలంలోనే మార్చాలి: కొన్ని వారాలు ఆపి, కొన్ని వారాలు పెంచి, ఆ వారాలను పండగల ప్రకారం కాకుండా చీటీలు తీసి ఎంచుకోవాలి. హైదరాబాద్‌ది ఇంకో సమస్య. దానితో పోల్చడానికి అంత కొనుగోలు శక్తి ఉన్న మరో నగరం రెండు రాష్ట్రాల్లో లేదు. అందుకని దాన్ని ప్రయోగం నుంచి మినహాయించి, మిగతా జిల్లాలను జతలుగా ఎంచుకోవడమే తెలివైన పని.

మన బ్రాండు అలాంటి ప్రయోగం చేసిందనుకుందాం. సోషల్ ఖర్చులో నాలుగో వంతు, అంటే వారానికి లక్ష తీసుకునే కొన్ని జిల్లాల్లో ఆ ప్రకటనలు పూర్తిగా ఆపింది. మొదటి రెండు వారాలు పాత ప్రభావం అరిగిపోయే వరకు ఆగి, తరువాతి ఆరు వారాలు కొలిచింది. ఆ జిల్లాల అమ్మకం మామూలుగా వారానికి 50 లక్షలు. నమూనా ప్రకారం సోషల్ మొత్తం వాటా 16 లక్షలు కాబట్టి ఇక్కడ 4 లక్షలు తగ్గాలి. ప్రకటనలు నడిచిన జతల అమ్మకంతో పోల్చితే తగ్గింది 2.5 లక్షలు.

నమూనా తప్పని తేలిపోయిందా? తొందరపడకూడదు. ఏ కారణం లేకుండానే ఆ జిల్లాల అమ్మకం వారానికి అయిదు శాతం, అంటే రెండున్నర లక్షలు అటూ ఇటూ ఊగుతుంటుంది. ఆరు వారాల సగటులో ఆ ఊగిసలాట సుమారు లక్షకు దిగుతుంది. కాబట్టి ప్రయోగం చెప్పేది దాదాపు అర లక్ష నుంచి నాలుగున్నర లక్షల మధ్య ఏదో ఒకటని. లూయిస్, రావు అనే ఆర్థికవేత్తలు 2015లో ప్రచురించిన పరిశోధనలో ఇదే ఇబ్బందిని చూపించారు. మనుషుల కొనుగోళ్లలో సహజంగా ఉండే ఊగిసలాట ముందు ప్రకటన ప్రభావం ఎంత చిన్నదంటే, లక్షల మందితో చేసిన ప్రయోగాలు కూడా లాభమో నష్టమో గట్టిగా తేల్చలేకపోతాయి.

అందుకే ప్రయోగాన్ని నమూనాకు తీర్పరిగా కాక సాక్షిగా వాడాలి. నమూనా అంచనా 4 లక్షలు, దాని అనిశ్చితి లక్షన్నర అనుకుందాం. ప్రయోగం అంచనా 2.5, అనిశ్చితి లక్ష. ఎవరి అనిశ్చితి తక్కువో వారి మాటకు అంత ఎక్కువ బరువిచ్చి కలిపితే సుమారు 3 లక్షలు వస్తుంది. రాష్ట్రాలు రెంటికీ కలిపి సోషల్ వాటా 16 నుంచి 12 లక్షలకు దిగుతుంది. వంపు ఆకారం మారలేదనుకుంటే `β` 20 నుంచి 15 అవుతుంది. చివరి రూపాయి తెచ్చేది 80 పైసల నుంచి 60 పైసలకు తగ్గుతుంది. లక్ష రూపాయలు సోషల్ నుంచి టీవీకి మళ్లిస్తే ఇప్పుడు వారానికి లాభం 60 వేలు కాదు, 85 వేలు. రెండు వేర్వేరు ఆధారాలు ఒకే దిశను చూపిస్తున్నాయి కాబట్టి ఆ లక్ష కదిలించవచ్చు.

అయితే టీవీ గురించిన అంచనాకు ఇంకా ఏ ప్రయోగమూ దన్నుగా లేదు. అందుకని ఆ లక్షను ఏడాది పొడవునా సమంగా పరచకుండా, సంక్రాంతి సద్దుమణిగాక ఫిబ్రవరి నుంచి ఉగాది హడావిడి మొదలయ్యే దాకా ఉన్న వారాల్లో కొన్నిటిని చీటీలతో ఎంచి, వాటిలోనే టీవీ ఖర్చు రెట్టింపు చేయడం మంచిది. ఎంచిన వారాలకూ ఎంచని వారాలకూ మధ్య వచ్చే తేడా, తరువాతి సారి నమూనా కట్టేటప్పుడు టీవీ `β`, `K` విలువలను ఇప్పటికన్నా గట్టిగా పట్టిస్తుంది.